కోఆపరేటివ్ బోర్డ్ గేమ్‌లో ఒక్కరే అందరి ఎత్తులూ వేసేస్తుంటే

ప్రశ్న: ఆదివారాలు ఇంట్లో ఆటకి నలుగురం చొప్పున ఫర్బిడెన్ ఐలాండ్ ఆడతాం. టైల్స్‌తో పేర్చిన దీవి మునిగేలోపు నాలుగు నిధులూ తీసి అందరూ కలిసి బయటపడాల్సిన ఆట అది. మా అన్నయ్య ప్రతి ఒక్కరి ఎత్తూ తనే చెప్పేస్తాడు. పిల్లలకి తొమ్మిదేళ్ళు, పన్నెండేళ్ళు. నాన్నకి డెబ్బై. అన్నయ్యని ఊరుకోమంటే ఓడిపోతున్నాం, ఊరుకోకపోతే మిగతావాళ్ళకి బోర్. ఏం చేయాలి?

జవాబు:

రెండు పనులూ ఒకేసారి చేయండి. ఆయన నోటికి ఆటలోనే ఒక హద్దు పెట్టండి, దాంతోపాటు వరద ఎంత వేగంగా రావాలో చూపే వాటర్ మీటర్‌ని అన్నిటికన్నా తేలికైన నోవిస్ మెట్టుకి దించండి. మొదటిది చేసి రెండోది వదిలేస్తే మీరు చెప్పినట్టే ఓడిపోతారు. బాగా ఆడే మనిషి సలహా కూడా మీ జట్టు బలమే కదా. దాన్ని తీసేశాక ఆట కష్టం దానంతటదే పెరుగుతుంది.

ఇందులో మీ అన్నయ్య స్వభావం కన్నా ఆట కట్టుబడిదే ఎక్కువ పాత్ర. మ్యాట్ లీకాక్ తయారుచేసిన ఈ ఆట 2010లో వచ్చింది. రూల్స్ ప్రకారం అందరి కార్డులూ బల్ల మీద తెరిచే ఉంటాయి, టైమర్ ఉండదు, ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు. అన్నీ కనిపిస్తున్నప్పుడు నాలుగు పావులనీ ఒక్క బుర్రే నడిపించగలదు. వేగంగా లెక్కేసే మనిషి చూస్తూ ఊరుకోవడం కష్టం.

మా ఇంట్లో ఆ మనిషి మా బావ. చిక్కడపల్లిలో అమ్మ వాళ్ళింట్లో ఆడతాం: అమ్మ, బావ, నేను, మా ఎనిమిదేళ్ళ చిన్ని. బావ మంచివాడే, కానీ అమ్మ వంతు రాగానే ఆవిడ పావు తీసి తనే జరిపేసేవాడు. అల్లుణ్ణి అత్తగారు ఏమంటుంది? "కానీండి బాబూ, మీకు తెలిసినట్టు" అని చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. మన ఇళ్ళల్లో పెద్దల్నీ అల్లుళ్ళనీ నేరుగా ఆపేవాళ్ళు ఉండరు. అందుకే ఆ ఆపడం మనిషి నోటినుంచి కాక రూల్‌గా రావాలి, అది కూడా డబ్బా తెరిచేటప్పుడే చెప్పాలి. ఆట మధ్యలో చెబితే అది ఆయన్ని అన్నట్టే ఉంటుంది.

మేం పెట్టుకున్న మొదటి రూల్: ఎవరి పావు వాళ్ళే ముట్టుకోవాలి. వంతు వచ్చినవాళ్ళు ముందు తమ ఆలోచన ఏదో ఒకటి పైకి చెప్పాలి. ఆ తర్వాతే మిగతావాళ్ళు మాట్లాడొచ్చు. అదీ బల్ల మీద కనిపించేది చెప్పడమో, ఒక ప్రశ్న అడగడమో మాత్రమే. "నువ్వు అటు వెళ్ళు" అనకూడదు. "ఆ గుహ మునిగితే ఇంకోటి ఉందా?" అని అడగొచ్చు. చిన్న తేడాలా కనిపిస్తుంది కానీ బావ లాంటివాళ్ళకి ఇది బాగా నప్పుతుంది. నోరు పూర్తిగా కట్టేస్తే ఆయనకి ఆట మీదే ఆసక్తి పోతుంది. ప్రశ్న అడగొచ్చంటే ఆ తెలివంతా మంచి ప్రశ్న వెతకడానికి పోతుంది.

రెండోది, పెద్దవాళ్ళ కార్డులు మూసి పట్టుకోవడం. "నా దగ్గర నిప్పు కార్డులు బాగానే ఉన్నాయి" అనొచ్చు కానీ ఎన్నో చెప్పకూడదు. ఇది డబ్బాలోని రూల్ కాదు, మేం మార్చుకున్నది. చిన్ని కార్డులు మాత్రం తెరిచే ఉంటాయి, ఎందుకంటే తనకి ఇంకా సాయం కావాలి. మీ తొమ్మిదేళ్ళ పిల్లకీ అలాగే ఉంచండి. పన్నెండేళ్ళ పిల్ల మూసుకుని ఆడగలదు.

మూడోది, పాత్రలు. రూల్ ప్రకారం కలిపి పంచాలి, మేం మాత్రం ఎంచి ఇస్తాం. నావిగేటర్‌ని మాత్రం మీ అన్నయ్యకి అస్సలు ఇవ్వకండి. ఆ పాత్ర పనే ఇతరుల పావుల్ని జరపడం, ఇక ఆయన్ని ఆపేదెవరు? ఆయనకి ఎక్స్‌ప్లోరర్ ఇవ్వండి. మూలలుగా కూడా నడవగల పాత్ర అది, తన దారి తను లెక్కేసుకోవడానికి సరిపోతుంది. చిన్నపిల్లలకి ఇంజనీర్: ఒక్క యాక్షన్‌తో రెండు టైల్స్ ఆరబెట్టగలదు, చేసిన పని ఫలితం వెంటనే కళ్ళకి కనిపిస్తుంది. అమ్మకి మెసెంజర్. మిగతావాళ్ళు ఒకే టైల్ మీదికి వస్తేగానీ కార్డు ఇవ్వలేరు, మెసెంజర్ ఎక్కడినుంచైనా ఇవ్వొచ్చు. అందరికీ అమ్మ దగ్గరి కార్డు కావాలి కాబట్టి ఆవిణ్ణి అడగక తప్పదు.

ఇలా ఆడిన ఒక ఆట సంగతి చెబుతాను. ప్రతి వంతు చివరా మీటర్ చూపినన్ని వరద కార్డులు తీయాలి. కార్డు వచ్చిన టైల్ ఆరి ఉంటే తడుస్తుంది, అప్పటికే తడిసి ఉంటే మునిగి ఆటలోంచి పోతుంది. ఆరోజు నార్మల్‌లో మొదలుపెట్టాం. అమ్మ వంతులో రెండోసారి వాటర్స్ రైజ్ కార్డు వచ్చింది. (ఆ కార్డు వచ్చినప్పుడల్లా అమ్మ "హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తేశారు" అంటుంది.) అది వస్తే మీటర్ ఒక మెట్టు ఎక్కడమే కాదు, అప్పటిదాకా పక్కన పడేసిన వరద కార్డుల్ని కలిపి మళ్ళీ కట్ట మీద పెట్టాలి. అంటే ఇప్పటికే తడిసిన టైల్సే మళ్ళీ ముందుగా వస్తాయి. పక్కన ఏడు కార్డులున్నాయి, అవి కట్ట మీదికి వెళ్ళాయి. మీటర్ ప్రకారం అమ్మ మూడు తీసింది. ఇంకా నాలుగు పైన మిగిలాయి. చిన్ని వంతు చివర వాటిలోంచి మూడు రావాలి.

నిప్పు నిధి తీయడానికి రెండు గుహలుంటాయి. ఒకటి అప్పటికే మునిగి ఆటలోంచి పోయింది. రెండోది తడిసి ఉంది, దాని కార్డు ఆ నాలుగింటిలోనే ఉంది. అంటే నాలుగింట మూడు వంతులు అది వచ్చే అవకాశం. వస్తే గుహ పోతుంది, నిధి పోతుంది, ఆట అయిపోతుంది. బావ ఆ గుహ మీదే నిలబడి మూడు నిప్పు కార్డులతో నాలుగోదాని కోసం చూస్తున్నాడు. ఆ నాలుగోది చిన్ని చేతిలో తెరిచే ఉంది. తను పక్క టైల్ మీద ఉంది.

చిన్ని ముందుగా చెప్పిన ఆలోచన: "అమ్మమ్మ టైల్ తడిసింది కదా, అక్కడికెళ్ళి ఆరబెడతా." బావ మొహం చూడాలి అప్పుడు! అయినా రూల్ ప్రకారం అడిగింది ఒక్కటే: "చిన్నీ, నిప్పు గుహలు ఇంకెన్ని మిగిలాయి?" తను వేలితో టైల్స్ మీద వెతికి "ఒక్కటే. అదీ తడిసింది" అంది. మొదటి యాక్షన్‌తో గుహ మీదికి వచ్చింది. రెండో దాంతో గుహనీ పక్క టైల్‌నీ ఆరబెట్టింది. మూడో దాంతో బావకి కార్డు ఇచ్చేస్తే ఆయన తన వంతులోనే నిధి తీసేసేవాడు. ఇవ్వలేదు. గుహకి అవతలి పక్కనే ఉన్న అమ్మమ్మ టైల్ ఆరబెట్టింది. నిజానికి ఆ అవసరం లేదు, కాళ్ళ కింద టైల్ మునిగితే పక్క టైల్ మీదికి ఈదొచ్చు. కానీ తనకి అమ్మమ్మ ముఖ్యం. తర్వాత తీసిన మూడు వరద కార్డుల్లో గుహ వచ్చింది. ఆరి ఉంది కాబట్టి తడిసిందే కానీ మునగలేదు.

బావకి కార్డు అందింది చిన్ని మళ్ళీ ఆడినప్పుడు. మధ్యలో గడిచింది నాలుగు వంతులు. వంతుకి మూడు వరద కార్డుల చొప్పున పన్నెండు. పిల్లల్ని తమంతట తాము ఆడనిస్తే ఇలాంటి ఆలస్యాలు ఆటకి రెండు మూడు తప్పవు. ఆ ధర ఎక్కడినుంచి కట్టాలో ముందే చూసుకోవాలి. వంతుకి రెండు కార్డులే వస్తుంటే అదే ఆలస్యానికి ఎనిమిదితో సరిపోయేది.

ఇక్కడ మీటర్ పనిచేసే తీరు తెలిసి ఉండాలి. నోవిస్, నార్మల్ రెండింటిలోనూ మొదట వంతుకి రెండు కార్డులే, అందుకే చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు. మొదటి వాటర్స్ రైజ్ తర్వాతే తేడా తెలుస్తుంది. నార్మల్‌లో వెంటనే మూడుకి పోతుంది, నోవిస్‌లో ఇంకా రెండు దగ్గరే ఉంటుంది. ఎలీట్, లెజెండరీ మొదటినుంచే మూడు. ట్రెజర్ కట్టలో 28 కార్డులు. నలుగురికి రెండేసి పంచాక 20 మిగులుతాయి, వాటిలో మూడు వాటర్స్ రైజ్ కార్డులు. వంతుకి రెండు తీస్తారు కాబట్టి పది వంతుల్లో ఆ మూడూ వచ్చేస్తాయి. నోవిస్ కూడా కష్టంగా ఉంటే ఆ మూడింట్లో ఒకటి తీసి డబ్బాలో పెట్టేయండి. ఇదీ సొంత రూలే, కానీ నావరకు పిల్లలకి కార్డులు ఎక్కువ పంచడం కన్నా ఇదే మేలు. కార్డులు ఎక్కువిస్తే ఆట పొట్టిదవుతుంది, ఇలా చేస్తే పొడుగు అంతే ఉండి టెన్షన్ తగ్గుతుంది.

కష్టం సరిపోయిందో లేదో గెలుపోటముల్ని బట్టి కాక, ఓడినప్పుడు చేతిలో ఎన్ని నిధులున్నాయో చూసి చెప్పొచ్చు. మూడు తీశాకో, నాలుగూ తీసి హెలికాప్టర్ దగ్గరికి పరిగెడుతూనో ఓడిపోతే మెట్టు మార్చకండి, పిల్లలు మళ్ళీ ఆడదామంటారు. ఒక్క నిధి దగ్గరే మునిగిపోతే దించండి. వంతుకి మూడు కార్డుల దగ్గరే ఆట గెలిచేసి, ఎవరూ ఒక్క ప్రశ్న కూడా అడగకపోతే అప్పుడు ఒక మెట్టు ఎక్కించండి. కార్డులు మూయడం, మీటర్ పెంచడం ఒకే ఆటలో చేయకండి, దేనివల్ల ఓడారో తెలీదు.

ఎవరైనా ఇసుక గడియారం పెట్టమని సలహా ఇస్తే వినకండి. టైల్ పేర్లన్నీ ఇంగ్లీషులో ఉంటాయి. మా అమ్మ బొమ్మ చూసి వెతుక్కుంటుంది, దానికే సమయం పడుతుంది. గడియారం పెడితే ఆగేది బావ కాదు, అమ్మ. వరద కార్డు తీసి టైల్ వెతికి తిప్పే పని చిన్నికి ఇచ్చాక ఆ ఇబ్బంది పోయింది. పైగా ఏ టైల్స్ మళ్ళీ వస్తాయో మా అందరికన్నా ముందు తనకే తెలుస్తోంది.

ఇంతా చేసినా మీ అన్నయ్య ఆగకపోతే పిల్లలు పడుకున్నాక పెద్దవాళ్ళు ది క్రూ అనే కోఆపరేటివ్ కార్డ్ గేమ్ ఆడుకోండి. 2019లో వచ్చింది. తురుపు ఉన్న పేకాట తెలిసినవాళ్ళకి పది నిమిషాల్లో వచ్చేస్తుంది. అందులో చేతిలో ఏముందో చెప్పకూడదు. ఒక మిషన్‌కి ఒక్కసారి, ఒక్క కార్డు చూపించి అది ఆ రంగులో పెద్దదో, చిన్నదో, ఒక్కటేనో గుర్తుపెట్టడం వరకే. 50 మిషన్లు, ఒకదాని తర్వాత ఒకటి కష్టమవుతాయి, కాబట్టి మెట్టు ఎంచుకునే బాధ లేదు. డబ్బా మీద పదేళ్ళ పైవాళ్ళకి అని ఉంటుంది. మీ పన్నెండేళ్ళ పిల్లని కూర్చోబెట్టుకోవచ్చు, తొమ్మిదేళ్ళ పిల్లకి ఇంకొంచెం ఆగండి.