మెరూన్ ఉంచు, బాటిల్ గ్రీన్ మార్చు

చిరంజీవి కిరణ్‌కి పెదనాన్న ఆశీస్సులు.

మీ పటమట కుర్రాళ్లు రెండు జట్లుగా క్రికెట్ మ్యాచ్ పెట్టుకున్నారనీ, ఒక జట్టుకి మెరూన్, ఇంకో జట్టుకి బాటిల్ గ్రీన్ జెర్సీలు అనుకుంటున్నారనీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. ఆర్డర్ ఇంకా ఇవ్వకపోతే కాస్త ఆగు.

ఇక్కడ గుంటూరులో మేమూ ఇదే పొరపాటు చేశాం. మాది నేవీ బ్లూ, అవతలివాళ్లది మెరూన్. షాపులో ట్యూబ్‌లైట్ కింద పక్కపక్కన పెడితే ఎవరికీ అనుమానం రాలేదు. సాయంత్రం ఆరు దాటేసరికి రెండూ నల్లగా ఒక్కలాగే అయిపోయాయి. నేను డీప్ మిడ్ వికెట్‌లో బంతి అందుకుని తలెత్తితే బౌలర్ వైపు వికెట్ల దగ్గర ఇద్దరు కనిపించారు. చెయ్యెత్తినవాడు మా బౌలరే అనుకుని అటు విసిరాను. తీరా చూస్తే అతను వాళ్ల బ్యాట్స్‌మన్. రెండో పరుగు వద్దని అవతలి చివర ఉన్నవాడికి సైగ చేస్తున్నాడు. బంతి అటు నుంచి బౌండరీకి పోయింది. టెన్నిస్ బంతి ఆటలో ప్యాడ్లు, హెల్మెట్లు ఉండవు కదా. దూరం నుంచి మనిషిని పోల్చుకోవడానికి మిగిలేది ఒంటి మీద చొక్కా ఒక్కటే.

అందుకే రంగు పేరు తర్వాత చూడు. ముందు ఒకటి ముదురు, ఇంకొకటి లేత అయ్యేలా చూసుకో. దూరం పెరిగి వెలుతురు తగ్గేకొద్దీ కంటికి రంగు కన్నా ఆ ముదురు లేత తేడానే బాగా తెలుస్తుంది. మీ మెరూన్, బాటిల్ గ్రీన్ రెండూ ముదురే. పైగా ఎరుపు, ఆకుపచ్చల తేడా సరిగ్గా తెలియనివాళ్లు మగవాళ్లలో కొందరు ఉంటారు. స్కోరు రాసే కుర్రాడు అలాంటివాడైతే పట్టపగలే తికమకపడతాడు. 2019 ప్రపంచకప్‌లో మనవాళ్లు ఇంగ్లండ్ మీద నారింజ రంగు కలిపిన జెర్సీ వేసుకున్నది గుర్తుందా? ఇద్దరిదీ నీలమే కావడం వల్ల అలా మార్చారు.

మెరూన్ ఉండనివ్వు, రెండో జట్టుకి లేత ఆకాశ నీలం తీసుకో. నీకు వెంటనే పసుపు తోస్తుంది, లేతదే కాబట్టి. కానీ మీ టెన్నిస్ బంతి కూడా పసుపే. పసుపు చొక్కా బౌలర్ చేతిలోంచి వచ్చే బంతి ఆ చొక్కాలోనే కలిసిపోయి బ్యాట్స్‌మన్‌కి ఆలస్యంగా కనపడుతుంది. తెలుపైతే రెండో ఓవర్‌కే మట్టి కొట్టుకుపోతుంది. ఆకాశ నీలానికి ఇంకో లాభం ఉంది. చీకటి పడేకొద్దీ మన కంటికి ఎరుపు తొందరగా నల్లబడుతుంది, నీలం అంత తొందరగా నల్లబడదు. అంటే మసక వెలుతురులో మెరూన్‌కీ దీనికీ తేడా ఇంకా పెరుగుతుంది.

గుడ్డ మాత్రం కాటన్ వద్దు. మన ఎండలకి పది నిమిషాల్లో చెమటకి తడుస్తుంది, తడిసిన లేత రంగు ముదురుగా మారుతుంది. పల్చటి పాలిస్టర్ తీసుకో. వీపు, చేతులు వేరే రంగులో ఉండే డిజైన్లు చూపిస్తే ఒప్పుకోకు. ముందువైపు ఆకాశ నీలం, వెనక నల్లటి ముక్క ఉంటే అటు తిరిగినవాడు మెరూన్ జట్టువాడిలా కనపడతాడు. ఫీల్డింగ్‌లో సగంసేపు మనకి కనపడేది వీపే. మెరూన్ మీద అంకెలు తెల్లగా, నీలం మీద ముదురు నీలంగా వేయించు. అంపైర్‌కి తెల్ల చొక్కా వేయించు, మూడో మనిషి ఎవరో అనే గొడవ ఉండదు.

ఫోన్‌లో చూసిన రంగు గుడ్డ మీద అలాగే రాదు. అందుకని అన్నీ కుట్టించకముందు రెండు రంగుల్లోనూ ఒక్కో శాంపిల్ అడుగు. ఇద్దరు కుర్రాళ్లకి తొడిగి పిచ్ దగ్గర నిలబెట్టి, నువ్వు అరవై అడుగులు వేసి బౌండరీ దగ్గర నిలబడు. ఒక ఫొటో తీసి బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చి చూడు. రెండు చొక్కాలూ ఒకే బూడిద రంగులో కనిపిస్తే ఆ జత పనికిరాదు. తేడా కనిపించినా ఫొటో ఒక్కదాన్నే నమ్మకు, ఎరుపు మసక వెలుతురులో మన కంటికి ఎంత నల్లబడుతుందో అది చూపించదు. అదే చోట సాయంత్రం ఆరుంపావుకి కళ్లు సగం మూసి మళ్లీ చూడు. వాళ్లిద్దర్నీ నీ వైపు వీపు పెట్టి అటూ ఇటూ పరిగెత్తమను. ఎవరు ఏ జట్టో ఆలోచించకుండా చెప్పగలిగితే డబ్బు కట్టెయ్.

మీ జట్టులో మెరూన్ వదిలేది లేదని పట్టుబట్టేవాళ్లు ఎక్కువట, అందుకే వాళ్ల రంగు కదపలేదు. బాటిల్ గ్రీన్ అడిగినవాళ్లకి ఈ ఉత్తరం చూపించు. శాంపిల్స్ రాగానే ఆ సాయంత్రం తీసిన ఫొటో నాకూ పంపు.

నీ పెదనాన్న