జోల్పిడెమ్ వాడుతూనే సీబీటీ-ఐ చేయొచ్చా?

"ఏడాదిగా జోల్పిడెమ్ 10 మి.గ్రా. వేసుకుంటేనే నిద్ర పడుతోంది. డాక్టర్ సీబీటీ-ఐ చేయమంటున్నారు. మాత్ర మానేశాక మొదలుపెట్టాలా, రెండూ కలిపి చేయొచ్చా? చివరికి ఏది నిలుస్తుంది?"

సీబీటీ-ఐ అంటే నిద్రకు సంబంధించిన అలవాట్లను, ఆలోచనలను మార్చి నిద్రలేమిని తగ్గించే థెరపీ. దాన్ని మాత్రతో కలిపే మొదలుపెట్టండి. కానీ థెరపీ నడుస్తుండగానే మాత్ర పూర్తిగా ఆగిపోయేలా డాక్టర్‌తో ముందే తేదీలు రాయించుకోండి. నాకూ ఇలాగే చేశారు.

దీనికి ఆధారం కెనడాలో చార్లెస్ మోరిన్ బృందం 2009లో ప్రచురించిన అధ్యయనం. మొదటి ఆరు వారాలు సీబీటీకి జోల్పిడెమ్ కలిపినవాళ్లకు నిద్ర కాస్త ఎక్కువ పట్టింది. ఆ తర్వాత మాత్ర ఆపి సీబీటీ ఒక్కటే కొనసాగించినవాళ్లలో ఆరు నెలలకు 68 శాతం మందికి నిద్రలేమి పోయింది. మాత్ర కూడా వాడుతూ పోయినవాళ్లలో 42 శాతం మందికే.

సీబీటీలో అసలు పని చేసేది మంచం మీద గడిపే సమయాన్ని కుదించడం. నేను రాత్రి పదికి పడుకుని ఆరుకు లేచేదాన్ని. స్లీప్ డైరీ రాస్తే తెలిసింది, ఆ ఎనిమిది గంటల్లో నిద్రపోయేది ఐదే, అంటే 62 శాతం. దాంతో పన్నెండున్నర దాకా పడుకోవద్దన్నారు. లేవడం మాత్రం రోజూ ఆరుకే. మధ్యలో మెలకువ వచ్చి ఎంతకీ నిద్ర పట్టకపోతే హాల్లోకి వెళ్లి కూర్చోవాలి, కునుకు ముంచుకొస్తేనే మళ్లీ మంచమెక్కాలి. వారం సగటు 85 శాతం దాటితే పావుగంట ముందుగా పడుకోనిస్తారు. మొదట్లో పగలంతా తూలుతూనే ఉన్నాను, బండి తీయలేదు. ఆ రోజుల్లో మాత్ర తోడుండటం నిజంగా మేలు చేసింది.

తగ్గించేటప్పుడు మొదట సగం మాత్ర, తర్వాత రోజు విడిచి రోజు. ఏ రాత్రి వేసుకోవాలో క్యాలెండరే చెప్పాలి, ఆ రాత్రి నిద్ర తీరు కాదు. గంటసేపు దొర్లి, ఇక లాభం లేదని మాత్ర మింగితే, దొర్లితే మాత్ర దొరుకుతుందన్న అలవాటే బలపడుతుంది. డోసు తగ్గించిన ప్రతిసారీ ఒకటి రెండు రాత్రులు పాడవుతాయి. అది జబ్బు తిరగబెట్టడం కాదు, మాత్ర తగ్గినందుకు శరీరం చూపే ప్రతిస్పందన. నా డైరీలో ఆ రాత్రుల తర్వాత అంకెలు మళ్లీ కుదురుకోవడం స్పష్టంగా కనబడింది. మీకు వారం దాటినా కుదురుకోకపోతే, ఇంకా తగ్గించకుండా అదే డోసు దగ్గర ఆగి డాక్టర్‌ను అడగండి.

క్లోనజెపామ్, ఆల్ప్రజోలామ్ లాంటివి చాలాకాలంగా వాడుతున్నవాళ్లు ఇంకా నెమ్మదిగా తగ్గించాలి, ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ రావచ్చు. మూర్ఛ, బైపోలార్ ఉన్నవాళ్లకు నిద్ర సమయం కుదించడమే ప్రమాదం కావచ్చు. గట్టిగా గురకపెడుతూ మధ్యలో ఊపిరి ఆగుతున్నట్టు ఇంట్లోవాళ్లు చెబితే, ముందు స్లీప్ ఆప్నియా పరీక్ష చేయించుకోండి.