టెక్ సందేహాలు: ఒక్క స్టార్ సంగతి తర్వాత, ముందు ఆ లింకు మూయండి

"సార్, విజయనగరంలో ఏసీలు, ఫ్రిజ్‌లు సర్వీస్ చేస్తాం. వెబ్‌సైట్‌లో రివ్యూల పేజీ పెట్టించాను. ఏడు వచ్చాయి, అందులో ఒకాయన ఒక్క స్టార్ ఇచ్చాడు. గ్యాస్ వేసిన వారానికే కూలింగ్ పోయిందట. తీసేస్తే సరిపోతుంది, నాలుగు, ఐదు స్టార్లే కనిపించేలా సెట్ చేస్తానంటున్నాడు డిజైనర్. చేయించమంటారా? నమూనాకి ఒక కస్టమర్‌కి పంపిన రివ్యూ లింకు జత చేశాను." - ఒక పాఠకుడు, దాసన్నపేట

వద్దు. ఈ వేసవిలో ఇలాంటి ఉత్తరం నాకిది నాలుగోది. పాలకొండ కేటరింగ్ ఆయనా ఇదే అడిగారు, ఆమదాలవలసలో వాటర్ ట్యాంకులు కడిగించే ఆయనా ఇదే. సలహా ఇచ్చింది ప్రతిసారీ డిజైనరే. ఆ సంగతికి వస్తాను గానీ, మీ లింకు చూశాక నాకు స్టార్ల మీద ధ్యాసే లేకుండా పోయింది.

ఆ లింకు చివర `job=1042` అని ఉంది. ఊరికే 1043 అని మార్చి చూశాను. కంటోన్మెంటులో ఉండే ఒకావిడ పేరు, ఫోన్ నంబరు, డోర్ నంబరు, "స్ప్లిట్ ఏసీ, గ్యాస్ ఫిల్లింగ్, రూ. 2,800" అంతా తెర మీదికి వచ్చేసింది. లాగిన్ లేదు, ఓటీపీ లేదు. నేను అక్కడితో ఆపేశాను. ఆపనివాడు చిన్న ప్రోగ్రామ్ రాసుకుని ఒకటో నంబరు నుంచి మీ కస్టమర్లందరి వివరాలూ కాసేపట్లో లాగేసుకుంటాడు. తర్వాత ఆవిడకి ఫోన్ వస్తుంది: "అమ్మా, మొన్న మీ స్ప్లిట్ ఏసీకి గ్యాస్ వేశాం కదా, 2,800 తీసుకున్నాం, అందులో 300 ఎక్కువైంది, వెనక్కి వేస్తాం, ఒక ఓటీపీ వస్తుంది చెప్పండి." ఇలాంటి ఫోన్లు నమ్మొద్దని ఆవిడకి తెలిసే ఉంటుంది. కానీ రూపాయితో సహా వివరాలన్నీ సరిగ్గా చెప్తుంటే ఎవరికి అనుమానం వస్తుంది? రేపు ఆవిడ ఖాతా ఖాళీ అయితే అడిగేది మిమ్మల్నే, ఆ డిజైనర్ ఎవరో కూడా ఆవిడకి తెలీదు.

కాబట్టి ఆ పేజీని ఈ రోజే ఆపించండి. మళ్లీ తెరిచేటప్పుడు లింకులో పని నంబరు ఉండకూడదు, ఊహించడానికి వీల్లేని కోడ్ ఉండాలి. మీ సైటు పీహెచ్‌పీలో ఉంది కాబట్టి ఒక్క లైను చాలు:

```php
$token = bin2hex(random_bytes(16));
```

దీనితో 32 అక్షరాల కోడ్ వస్తుంది. ప్రతి పనికీ కొత్తది తయారు చేసి, డేటాబేస్‌లో ఆ పని పక్కన దాచుకోవాలి. రివ్యూ రాశాక లింకు చెల్లకూడదు, రాయకపోయినా నెల రోజులకి చెల్లకుండా పోవాలి. ఇంకొకటి, లింకు సరైనదే అయినా పేజీలో ఫోన్ నంబరూ చిరునామా చూపించాల్సిన పనేముంది? వాట్సాప్‌లో వచ్చిన లింకుని జనం పక్కవాళ్లకి ఫార్వర్డ్ చేస్తారు. "మీ ఏసీ సర్వీస్ ఎలా జరిగింది?" అన్న ప్రశ్న, రాయడానికి ఒక పెట్టె, అంతే.

ఇలా చేస్తే మీకు ఇంకో లాభం కూడా ఉంది. పని చేయించుకున్నవాళ్లకే లింకు వెళ్తుంది, ఒక పనికి ఒకటే రివ్యూ, అంటే మీ బావమరిది పదిసార్లు రాయలేడు, పక్క వీధి పోటీవాడు ఒక్కసారి కూడా రాయలేడు.

ఇక లింకు ఎప్పుడు పంపాలన్నది. మీ డిజైనర్ పని ముగియగానే వెళ్లేలా పెట్టాడు. అప్పుడు జరిగేది మా ఇంట్లోనే చూశాను. ఏసీ బాగుచేయడానికి వచ్చిన కుర్రాడు టూల్స్ సర్దుకుంటూ "ఆంటీ, ఫోన్ ఒకసారి ఇవ్వండి" అని మా ఆవిడ చేతిలోంచి తీసుకుని, తనే ఐదు స్టార్లు నొక్కి, తనే "సూపర్ సర్వీస్" అని రాసుకుని వెళ్లిపోయాడు. గది ఇంకా చల్లబడనే లేదు. అతన్ని తిట్టలేను, స్టార్లు తగ్గితే జీతంలో కోస్తారట. ఇలా జరుగుతోందో లేదో మీ దగ్గర కూడా తెలిసిపోతుంది: జాబ్ క్లోజ్ చేసిన టైమూ, రివ్యూ వచ్చిన టైమూ పక్కపక్కన పెట్టి చూడండి. అన్నీ రెండు మూడు నిమిషాల్లోనే వచ్చి, అన్నిట్లో అవే రెండు మాటలుంటే, రాసింది కస్టమర్లు కాదు.

మామూలు సర్వీస్‌కి మూడో రోజు పంపండి. గ్యాస్ వేసిన పనికైతే పదిహేను రోజులు ఆగండి, ఎందుకో మీకు నేను చెప్పక్కర్లేదు. ఏసీలో గ్యాస్ వాడకం వల్ల అయిపోదు, తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే, లీకు పట్టకుండా గ్యాస్ నింపితే సంగతి బయటపడేది వారం పది రోజులకే. లింకు మాత్రం అందరికీ వెళ్లాలి. ముందు "నచ్చిందా?" అని అడిగి, అవునన్నవాళ్లనే రివ్యూ పేజీకి, కాదన్నవాళ్లని ఫిర్యాదు పేజీకి పంపే తెలివి వద్దు. దాన్నీ కొందరు ఫీచర్ అని అమ్ముతున్నారు.

ఇప్పుడు మీ ఒక్క స్టార్. మీ ఏడింటిలో ఐదుగురు ఐదేసి, ఒకరు నాలుగు, ఒకరు ఒకటి ఇచ్చారు. సగటు 4.29. ఆ ఒక్కటీ తీసేస్తే 4.83. ఈ తేడా కోసమే మీకు టెన్షన్. కానీ చదివేవాళ్లు సగటు ఒక్కటే చూసి ఫోన్ చేయరు, తక్కువ స్టార్లు ఇచ్చినాయన ఏమన్నాడో, దానికి మీరేమన్నారో చూస్తారు. ఆయన రాసింది తప్పా? మీ కుర్రాడు లీక్ టెస్ట్ చేశాడో లేదో జాబ్ షీట్ తీసి చూడండి. చేయకపోతే కిందే జవాబు రాయండి: "లీకు చూడకుండా గ్యాస్ వేశాం, తప్పు మాదే. పద్నాలుగో తేదీన వెళ్లి బ్రేజింగ్ చేసి, చార్జీ లేకుండా గ్యాస్ నింపాం." నిజంగా వెళ్లి చేశాకే రాయండి. స్టార్లు మార్చమని మాత్రం ఆయన్ని బతిమాలకండి, డిస్కౌంట్ ఆశ పెట్టకండి.

రివ్యూ ఆపడానికి కారణాలు కొన్నే ఉండాలి: బూతులు, కులం పేరుతో తిట్లు, ఎవరిదైనా ఫోన్ నంబరో చిరునామానో, మీ పనికి సంబంధం లేని విషయం. ఆ కారణాలు పేజీలోనే రాసిపెట్టండి. పరిశీలనకి ఒక రోజు పడితే ఐదు స్టార్లకీ ఒక రోజే, ఒక స్టార్‌కీ ఒక రోజే. మాటలు మాత్రం దిద్దకండి. ఎవరో "బేగి వచ్చారు, బేగి సేసారు" అని రాస్తే దాన్ని "త్వరితగతిన" అని మార్చిన సైటు ఒకటి చూశాను, చదవగానే దొంగ రివ్యూలా ఉంది! నంబరు తీసేయాల్సి వస్తే అక్కడ చుక్కలు పెట్టి, నంబరు తీసేశామని చెప్పండి.

ఇవేవీ నా సొంత చాదస్తాలు కావు. రివ్యూలు ఎలా సేకరించాలి, ఎలా పరిశీలించాలి, ఎలా ప్రచురించాలి అన్నదానికి భారత ప్రమాణాల సంస్థ 2022లోనే ఐఎస్ 19000 అని ఒక ప్రమాణం తెచ్చింది. పాటించడం స్వచ్ఛందమే, కానీ సైట్లు కట్టి అమ్మేవాళ్లు ఒకసారైనా తిరగేయాలి కదా.

పేజీలో కొత్తవి పైన పెట్టించండి. ప్రతిదానికీ నెల, పని రకం, ఊళ్లో ఏ ప్రాంతమో ఉంటే చాలు, వీధి అక్కర్లేదు. సగటు పక్కన "7 రివ్యూలు" అని సంఖ్య కూడా ఉండాలి. గూగుల్ సెర్చ్‌లో మీ సైటు పేరు కింద పసుపు స్టార్లు తెప్పిస్తానని డిజైనర్ ఇంకో 4,000 అడిగాడని ఉత్తరం చివర రాశారు. ఇవ్వకండి. ఒక వ్యాపారం తన సైట్లో తన గురించి తనే పెట్టుకున్న రివ్యూలకి ఆ స్టార్లు చూపించడం గూగుల్ 2019 సెప్టెంబరులోనే మానేసింది. ఆ డబ్బుతో లింకు సంగతి బాగుచేయించండి, పాత లింకులు పనిచేయడం లేదని మీరే 1041, 1042, 1043 టైప్ చేసి చూసుకున్నాకే డబ్బులివ్వండి.