వైవాలో క్రియ ముందు చెప్పు

బ్రాడీపేట, గుంటూరు

చిరంజీవి అమ్మడికి,

పెద్దమ్మ ఆశీస్సులు. థీసిస్ అంతా తెలుసు, ఇంగ్లీషులో నోరు పెగలడం లేదని మొన్న ఫోన్లో ఏడ్చావు. నా వైవాలో నాకూ అలాగే జరిగింది. ‘బికాజ్’ అని మొదలుపెట్టి, దాని వెనక ఏం చెప్పాలో తెలిసి కూడా ఆగిపోయాను. లోపం ఎక్కడుందో చాలా ఏళ్లు పాఠాలు చెప్పాక గాని నాకు అర్థం కాలేదు.

మనం కారణాలన్నీ చెప్పుకుంటూ వచ్చి క్రియను చివర పెడతాం. ఇంగ్లీషులో అది కర్త వెనకే రావాలి. తెలుగు వాక్యాన్ని ఉన్నదున్నట్టు మార్చబోతే, క్రియ వచ్చేదాకా మిగతాదంతా మనసులో మోయాలి. అక్కడే నాలుక తడబడుతుంది.

నీ మిరప తామర పురుగుల సంగతే తీసుకో. ఆకులు వదిలి పూలలోనే ఎందుకు లెక్కపెట్టావని ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ తప్పకుండా అడుగుతారు. నీ మనసులో ఇలా వస్తుంది: ‘పాత తామర పురుగులా లేత ఆకుల మీద కాకుండా ఈ నల్ల తామర పురుగు ఎక్కువగా పూలలో చేరుతుంది కాబట్టి, పూలను తెల్లకాగితం మీద దులిపి లెక్కపెట్టాను.’ దీన్ని ఒకే వాక్యంగా చెప్పకు. చివరి ముక్కను ముందుకు తెచ్చి, మూడుగా విరిచెయ్యి:

‘ఐ కౌంటెడ్ దెమ్ ఇన్ ఫ్లవర్స్. దిస్ స్పీసీస్ లివ్స్ మోస్ట్లీ ఇన్ ఫ్లవర్స్. ది ఓల్డర్ వన్ ప్రిఫర్స్ టెండర్ లీవ్స్.’

ఒక్కో వాక్యం అయ్యాక ఊపిరి తీసుకో. ఇంకా కావాలంటే వాళ్లే అడుగుతారు, అప్పుడు కాగితం మీద దులిపిన పద్ధతి చెప్పు. నువ్వు చేసిన పనికి భూతకాలం, పురుగు స్వభావానికి వర్తమానం. ‘కౌంటెడ్’, ‘లివ్స్’ తేడా అదే.

పొలంలో రైతులతో రోజూ అన్న మాటలకు ఇంగ్లీషు వెతుక్కోవాల్సి వస్తే ఇంకో ఇబ్బంది. పై ముడత అంటే అప్‌వర్డ్ లీఫ్ కర్ల్, పూత రాలడం అంటే ఫ్లవర్ డ్రాప్. ఇలాంటివి ఓ ఇరవై ఉంటాయి. చదివితే చాలదు, ఫోన్లో రికార్డు చేసుకుంటూ పైకి అను. రాసిన జవాబును మాత్రం బట్టీ పట్టకు, ప్రశ్న కొంచెం మారితే మొత్తం పోతుంది.

ప్రశ్న సరిగా అందకపోతే ఊహించి జవాబివ్వకు. ‘ఆర్ యు ఆస్కింగ్ అబౌట్ ద శాంప్లింగ్, సర్?’ అని అడుగు. చేయని పని గురించి అడిగితే ‘ఐ డిడ్ నాట్ టెస్ట్ దట్’ అని ఆపెయ్యి. తెలియని విషయం దగ్గర ఈ పద్ధతులేవీ కాపాడవు.

ఆదివారం విజయవాడ నుంచి పొద్దున్నే బయల్దేరి రా. థీసిస్ తెచ్చుకో. పెదనాన్న, నేను ఎదురుగా కూర్చుని ప్రశ్నలడుగుతాం.

నీ
పెద్దమ్మ