రోజుకు రెండే సిగరెట్లు, కానీ గుండె లెక్క వేరు

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రోజుకు రెండు మూడు సిగరెట్లు తాగుతాను, అదీ చాయ్‌తోనే. ఈ మధ్య ఇన్‌స్టాలో ఒక రీల్ చూశాను. రోజుకు అయిదు లోపు అయితే ఒంటికేమీ కాదని, వేప్ అనే ఈ-సిగరెట్ అయితే 95 శాతం సేఫ్ అని బ్రిటన్ ప్రభుత్వమే చెప్పిందని అందులో ఒకాయన చెప్పాడు. మా బావ కూడా వేప్‌కి మారిపొమ్మంటున్నాడు. పోయిన నెల చెకప్‌లో ఈసీజీ, ఎక్స్‌రే నార్మల్ వచ్చాయి. ఆ రీల్ చెప్పింది నిజమేనా? ఇలాంటివాటిలో ఏది నమ్మాలో ఎలా తెలుసుకోవాలి?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: మొదటి మాట తప్పు. రెండోది నిజంగానే ఒకచోట అన్న మాటే, కాకపోతే దాన్ని సగానికి కోసి మీకు చూపించారు. రెండింటినీ ఒకే గాటన కట్టకుండా విడివిడిగా చూద్దాం.

'అయిదు లోపు' అనే మాట జనానికి ఎందుకు నచ్చుతుందో నాకు తెలుసు. రోజుకు 20 తాగేవాడికి ఇంత ముప్పు ఉంటే, ఒకటి తాగేవాడికి అందులో ఇరవయ్యో వంతు ఉంటుందని మనసులో ఒక లెక్క వేసుకుంటాం. ఊపిరితిత్తుల క్యాన్సర్ విషయంలో ఈ లెక్క మరీ దూరం కాదు. అక్కడ ముప్పు చాలావరకు తాగిన సిగరెట్ల సంఖ్యను బట్టి, తాగిన ఏళ్లను బట్టి పెరుగుతూ పోతుంది. చిక్కల్లా గుండెతోనే. సిగరెట్ తాగేవాళ్లను ఎక్కువగా దెబ్బతీసే జబ్బుల్లో గుండెపోటు ఒకటి, దానికి మాత్రం ఈ లెక్క పనిచేయదు.

2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక పెద్ద విశ్లేషణ వచ్చింది. ఏళ్ల తరబడి మనుషుల ఆరోగ్యాన్ని గమనించిన 141 అధ్యయనాల సమాచారాన్ని అందులో ఒకచోట చేర్చారు. అసలు తాగని మగవాళ్లతో పోలిస్తే, రోజుకు 20 తాగే మగవాళ్లకు గుండె రక్తనాళాల జబ్బు వచ్చే అవకాశం సుమారు 104 శాతం ఎక్కువగా కనిపించింది. మరి రోజుకు ఒక్కటే తాగేవాళ్లకు? ఇరవయ్యో వంతు లెక్కన అయితే 5 శాతం ఎక్కువ ఉండాలి. వచ్చింది 48 శాతం. అంటే పెట్టె మొత్తం తాగేవాడి అదనపు ముప్పులో దాదాపు సగం, ఒక్క సిగరెట్‌కే వచ్చేస్తోంది. ఆడవాళ్లలోనూ ఇదే తీరు కనిపించింది.

ఎందుకిలా? పొగలోని సన్నని కణాలు, వాయువులు రక్తంలోని ప్లేట్‌లెట్లను జిగటగా మారుస్తాయి, రక్తనాళాల లోపలి పొరను సాగకుండా బిగుసుకునేలా చేస్తాయి. ఈ రెండు పనులకూ ఎక్కువ పొగ అక్కర్లేదు. కొంచెం పొగకే శరీరం గట్టిగా స్పందించేస్తుంది. ఆ తర్వాత ఎంత తాగినా అదనంగా పెరిగేది తక్కువ. పక్కవాళ్లు తాగిన పొగ పీల్చేవాళ్లకు కూడా గుండెజబ్బు ముప్పు పాతిక శాతానికి పైగా పెరుగుతుందని చాలాకాలంగా తెలిసిన విషయమే. ఆ పొగ మోతాదు ఎంతని? రోజుకు ఒక సిగరెట్ కంటే కూడా బాగా తక్కువ.

ఇక్కడ మీకు అనవసరంగా టెన్షన్ పెట్టడం నాకు ఇష్టం లేదు. 48 శాతం ఎక్కువ అంటే వందలో 48 మందికి గుండెపోటు వస్తుందని కాదు. మీ వయసులో అసలు ముప్పే తక్కువ కాబట్టి, ఆ తక్కువ మీద 48 శాతం పెరుగుతుందని అర్థం. అయితే మన దక్షిణాసియా వాళ్లకు మొదటి గుండెపోటు మిగతా ప్రపంచం కంటే ముందే వస్తుందని 52 దేశాల్లో చేసిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం చూపించింది. మనవాళ్లలో మధ్యస్థ వయసు 53, మిగతావాళ్లలో దాదాపు 59. మీకు 31 అంటే అది మరీ దూరంలో లేదు.

మీ ఈసీజీ, ఎక్స్‌రే గురించి. పడుకోబెట్టి తీసే ఈసీజీ, గుండె ఆ నిమిషంలో ఎలా కొట్టుకుంటోందో చెబుతుంది. రక్తనాళం గోడలో కొవ్వు పేరుకోవడం మొదలైతే అందులో కనబడదు, నాళం బాగా పూడుకుపోయినా ఒక్కోసారి నార్మల్‌గానే వస్తుంది. ఛాతీ ఎక్స్‌రే కూడా అంతే, మొదట్లో జరిగే నష్టాన్ని అది పట్టలేదు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ఆ నార్మల్ రిపోర్టును తాగడానికి ఇచ్చిన పర్మిషన్‌లా దాచుకుంటారు. రిపోర్టులో తప్పు లేదు, మనం దాన్ని అడగాల్సిన ప్రశ్న అది కాదు, అంతే.

ఇప్పుడు వేప్ సంగతి. 2015లో పబ్లిక్ హెల్త్ ఇంగ్లండ్ అనే ప్రభుత్వ సంస్థ, ఈ-సిగరెట్లు మామూలు సిగరెట్ల కంటే సుమారు 95 శాతం తక్కువ హానికరమని ఒక నివేదికలో చెప్పిన మాట వాస్తవం. మీ రీల్‌లో పోయినవి 'సిగరెట్ల కంటే' అనే రెండు మాటలు. పదో అంతస్తు నుంచి దూకడం కంటే రెండో అంతస్తు నుంచి దూకడం నయమని ఎవరైనా అంటే, అది నేల మీద నిలబడ్డవాడికి చెప్పిన సలహా కాదు కదా. ఆ మాట అప్పటికే సిగరెట్ వదల్లేకపోతున్నవాళ్ల కోసం చెప్పింది. అసలేమీ తాగని కుర్రవాడికి దాంతో పనే లేదు.

ఆ అంకె ఎక్కడిదో తవ్వితే ఇంకో సంగతి బయటపడుతుంది. దాని మూలాల్లో ముఖ్యమైనది 2014లో వచ్చిన ఒక వ్యాసం. అందులో 12 మంది నిపుణులు ఒకచోట కూర్చుని, నికోటిన్ ఉన్న 12 రకాల ఉత్పత్తులకు 14 అంశాల్లో హాని మార్కులు వేశారు. అది వేప్ తాగేవాళ్లను 20 ఏళ్లు గమనించి కొలిచిన అంకె కాదు, నిపుణుల అంచనా. ఆధారం బలహీనంగా ఉందని 2015లోనే లాన్సెట్ వైద్య పత్రిక సంపాదకీయంలో విమర్శించింది. వేప్‌లో పొగాకు కాలదు కాబట్టి తారు, కార్బన్ మోనాక్సైడ్ బాధ చాలావరకు తప్పుతుందన్నది నేనూ ఒప్పుకుంటాను. కానీ 30 ఏళ్లు వేప్ తాగిన ఊపిరితిత్తులు ఎలా ఉంటాయో చూడటానికి అది వచ్చి అంతకాలం కాలేదు.

పైగా బ్రిటన్‌లో దొరికే వేప్, మీ బావ తెప్పించే వేప్ ఒకటి కావు. అక్కడ చట్టం ప్రకారం ద్రవంలో నికోటిన్ మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములు దాటకూడదు. మన దేశంలో 2019 చట్టంతో ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, ప్రకటనలు అన్నీ నిషేధం. కాబట్టి ఇక్కడ చేతికి వచ్చేదంతా దొంగ సరుకే, దాన్ని పరీక్షించేవాడు లేడు. డబ్బా మీద '5%' అని ఉంటే మిల్లీలీటరుకు 50 మిల్లీగ్రాములని అర్థం. అది కూడా డబ్బా నిజం చెబితే. రోజుకు రెండు సిగరెట్లు తాగే మనిషి ఇలాంటిది జేబులో పెట్టుకుంటే ఏమవుతుందో నేను చూశాను. సిగరెట్‌కి కిందికి దిగాలి, నిప్పు కావాలి. దీనికి అవేవీ అక్కర్లేదు, మీటింగ్ మధ్యలో కూడా ఒక దమ్ము. కొన్ని నెలలకే నికోటిన్ అలవాటు అంతకుముందు కంటే బలపడుతుంది. చాయ్ దగ్గర సిగరెట్ మాత్రం పోదు, రెండూ నడుస్తాయి.

ఏది నమ్మాలని అడిగారు కదా. భయపెట్టే పోస్టులను కూడా ఇదే కళ్లతో చూడమని చెప్పడానికి ఒక ఉదాహరణ ఇస్తాను. 2019లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ వాళ్ల జర్నల్‌లో, వేప్ తాగేవాళ్లకు గుండెపోటు ఎక్కువని ఒక అధ్యయనం వచ్చింది. ప్రపంచమంతా వార్తయింది. వివరాల్లోకి వెళ్తే, అందులో లెక్కించిన గుండెపోట్లలో కొన్ని ఆ మనుషులు వేప్ మొదలుపెట్టక ముందే వచ్చినవి. ముందు వచ్చిన జబ్బుకు తర్వాత వచ్చిన అలవాటు కారణం ఎలా అవుతుంది? 2020 ఫిబ్రవరిలో జర్నల్ ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకుంది. అయినా పాత వార్తలు ఇప్పటికీ షేర్ అవుతూనే ఉన్నాయి. 2019-20లో అమెరికాలో ఊపిరితిత్తులు దెబ్బతిని 68 మంది చనిపోయిన సంగతి కూడా 'వేప్ మరణాలు' అనే పేరుతో తిరుగుతుంది. అందులో ప్రధాన దోషి, గంజాయి నూనె వేప్‌లలో కలిపిన విటమిన్ ఇ ఎసిటేట్ అని తేలింది. కల్తీ సరుకు ఏం చేస్తుందో చెప్పడానికి అది మంచి ఉదాహరణ, మామూలు నికోటిన్ వేప్‌కి మాత్రం నేరుగా వర్తించదు.

అందుకని నేనైతే రీల్‌లో చెప్పిన అధ్యయనం పేరు లేదా పత్రిక పేరు పట్టుకుని, వైద్య పరిశోధన వ్యాసాలు దొరికే PubMed వెబ్‌సైట్‌లో వెతుకుతాను. పేరే చెప్పకపోతే అక్కడితో వదిలేస్తాను. దొరికితే సారాంశం చదివి, ఎవరితో ఎవరిని పోల్చారు, ఎన్నేళ్లు చూశారు అనే రెండే చూస్తాను. ఆరు నెలల అధ్యయనంలో 'తేడా కనిపించలేదు' అని వస్తే, 20 ఏళ్లకు వచ్చే జబ్బు గురించి అది ఏమీ చెప్పనట్టే. పైన Retracted అని, అంటే వెనక్కి తీసుకున్నారని ఉందేమో చూడాలి. చివర్లో Funding, Conflict of interest అనే భాగాల్లో డబ్బు ఎవరిదో రాసి ఉంటుంది. పొగాకు కంపెనీల డబ్బుతో చేసినదంతా అబద్ధమని నేను అనను. కానీ ఈ రంగంలో ఆ అనుమానానికి చరిత్ర ఉంది. సిగరెట్ల హాని గురించి అమెరికా పొగాకు కంపెనీలు దశాబ్దాల పాటు జనాన్ని మోసం చేశాయని 2006లో అక్కడి ఫెడరల్ కోర్టే తీర్పు చెప్పింది. మీ రీల్ కింద కామెంట్లలో అమ్మకం లింకు ఉందేమో కూడా ఒకసారి చూడండి.

మీరు చేయాల్సింది. ఒక వారం పాటు ప్రతి సిగరెట్‌నీ ఫోన్‌లో రాయండి. 'రెండు మూడు' అనేవాళ్లలో చాలామందికి శనివారం రాత్రి పార్టీ లెక్కలో ఉండదు. అయిదు రోజులు రెండేసి, శనివారం ఏడు, ఆదివారం మూడు అయితే వారానికి 20. నిద్ర లేచిన అరగంటలోపే మొదటిది కావాలనిపిస్తే నికోటిన్ పట్టు బలంగా ఉన్నట్టు, అప్పుడు డాక్టర్‌ని కలిసి మందుల గురించి అడగండి. మీలా చాయ్‌కే పరిమితమైతే మీ శత్రువు నికోటిన్ కంటే ఆ చాయ్ బండి. కొన్ని వారాలు టీ సీటు దగ్గరికే తెప్పించుకోండి.

గట్టిగా లాగినప్పుడు మెడికల్ షాపులో దొరికే 2 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ వాడొచ్చు. గుండెజబ్బు ఉన్నవాళ్లు మాత్రం ముందు డాక్టర్‌ని అడగాలి. మామూలు చూయింగ్ గమ్‌లా ఆపకుండా నమలకూడదు. నెమ్మదిగా నమిలి, నోట్లో ఘాటు తగలగానే బుగ్గకూ చిగురుకూ మధ్య పెట్టి ఆగాలి, ఘాటు తగ్గాక మళ్లీ నమలాలి. చాయ్, కాఫీ, కూల్‌డ్రింక్ తాగిన పావుగంట లోపు వేసుకుంటే నికోటిన్ నోటి నుంచి సరిగా ఎక్కదు. 'గమ్ వాడాను సార్, పనిచేయలేదు' అనేవాళ్లను చాయ్‌తో పాటే నమిలారా అని అడిగితే, అవునంటారు. ఫోన్‌లో మాట్లాడి సాయం తీసుకోవాలంటే జాతీయ పొగాకు క్విట్‌లైన్ 1800-11-2356, కాల్ ఉచితం. ఆ నంబరు మీ సిగరెట్ పెట్టె మీదే ఉంటుంది.