ఆ అమ్మాయికి ఏ బొమ్మ పంపాలి: మేనల్లుడికి అత్త ఉత్తరం

చిన్నాకి అత్త ఆశీస్సులు.

నువ్వు మనసు పడ్డ ఆ అమ్మాయికి ఏది పంపితే బాగుంటుందని అడిగావు కదా, నువ్వు పోగేసిన మీమ్స్, జిఫ్‌లు, ఫొటోలు అన్నీ చూశాను. మీ చాట్ స్క్రీన్‌షాట్లు కూడా చదివాను. పోగేసిన వాటిలో నవ్వొచ్చేవి ఉన్నాయి, ముచ్చటగా ఉన్నవీ ఉన్నాయి. కానీ వాటిలో నువ్వు ఎక్కడా లేవురా. ఏ కుర్రాడైనా ఏ అమ్మాయికైనా పంపుకోవచ్చు వాటిని. చాలా ఏళ్లుగా సోషల్ మీడియా పోస్టులకు బొమ్మలు ఎంచే పనిలోనే ఉన్నాను కదా, మా టీమ్‌లో పిల్లలు కూడా ఇలాంటివి నన్నే అడుగుతుంటారు. అందుకే ఫోన్‌లో నాలుగు ముక్కలు చెప్పి ఊరుకోకుండా వివరంగా రాస్తున్నాను.

ముందు ఫార్వర్డ్ చెయ్యడం మానెయ్. వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేసిన దాని మీద Forwarded అని చిన్న అక్షరాలతో పడుతుంది. అప్పటికే చాలా చేతులు మారి ఉంటే రెండు బాణాలు, Forwarded many times అనే మాట పడతాయి. అవతలి మనిషి బొమ్మ కన్నా ముందు అదే చూస్తుంది. గ్యాలరీలో సేవ్ చేసుకుని పంపితే ఆ ముద్ర పోతుంది, నిజమే. కానీ అదే మీమ్ పొద్దున్నే వాళ్ల ఆఫీసు గ్రూపులో వచ్చి ఉంటే ముద్ర లేకపోయినా తెలిసిపోతుంది. అందుకని ఏదైనా పంపే ముందు చాట్‌ని కాస్త పైకి జరిపి చూడు. ఆ బొమ్మ ఎందుకు పంపుతున్నావో చెప్పే మాట మీ ఇద్దరి మధ్య ఎక్కడో ఒకచోట కనపడాలి. కనపడకపోతే ఎంత బాగున్నా పక్కన పెట్టెయ్.

మీమ్‌లో అన్నిటికన్నా ముందు చూడాల్సింది ఎవరి మీద నవ్వుతున్నాం అన్నది. నువ్వు దాచుకున్న వాటిలో సగం భార్యల మీద, గర్ల్‌ఫ్రెండ్ చేయించే ఖర్చుల మీద. స్నేహితుల గ్రూపులో అవి చెల్లుతాయేమో. పరిచయమై నెల కాని అమ్మాయికి పంపితే, రేపు నా గురించి కూడా ఇలాగే అనుకుంటాడన్నమాట అని ఆమెకు అనిపిస్తుంది. మిగతా సగం సింగిల్‌గా ఉండిపోయానని ఏడ్చేవి. అవి జాలి పుట్టిస్తాయి, జాలి పుట్టిన చోట సరసం నిలబడదు. నవ్వు నీ మీద ఉండాలి, అది కూడా ఆమె వల్ల నీకు పట్టిన చిన్న కంగారు మీద. ఆమె 'టైపింగ్' అని కనపడి ఆగిపోయింది, మళ్లీ కనపడింది, మళ్లీ ఆగిపోయింది అనుకో. అప్పుడు మెడ సాచి తొంగిచూస్తున్న బ్రహ్మానందం ముఖం ఒకటి పంపి, కింద 'ఇక్కడ నా పరిస్థితి' అని రాస్తే చాలు. మీ మాట కోసం ఎదురుచూస్తున్నాను అని చెప్పినట్టే అయింది, బరువుగా మాత్రం లేదు. నచ్చితే ఆమె దాన్ని పట్టుకుంటుంది, లేదంటే నవ్వి వదిలేస్తుంది. రెండిట్లో ఏది చేసినా ఇద్దరికీ ఇబ్బంది ఉండదు.

సినిమా ముక్క వాడేటప్పుడు ఇంకో సంగతి. మీమ్‌లో కనపడేది ఒక్క ఫ్రేమే అయినా, సినిమా చూసినవాళ్లకు ఆ సీనంతా గుర్తొస్తుంది. ఆ ఎక్స్‌ప్రెషన్‌కి ముందేం జరిగిందో, తర్వాతేం జరిగిందో ఒకసారి చూసుకో. హీరో ముఖం ముద్దుగానే ఉంటుంది, కానీ ఆ సీన్‌లో అతను బస్టాపు దాకా అమ్మాయి వెంటపడుతుంటాడు, లేదా నలుగురిలో ఆమెను చులకన చేస్తుంటాడు. నువ్వు ముఖం కోసం పంపావు, ఆమెకు మాత్రం వెంటపడటమే అందుతుంది. సీన్ తెలియకపోతే ఆ ఫ్రేమ్ ముట్టుకోకు.

ఇక జిఫ్‌లు. మీమ్ మాట అయితే జిఫ్ సైగ. దానికి శబ్దం ఉండదు కాబట్టి డైలాగుతో పేలే సీన్లు జిఫ్‌గా తేలిపోతాయి. ముఖంతోనో చేత్తోనో మొత్తం తెలిసిపోయేవే పనికొస్తాయి. నువ్వు వెతికే పద్ధతి కూడా మార్చాలి. love అనో flirt అనో కొడితే ఎవరో తెలియని విదేశీ నటులు కన్ను గీటుతూ వస్తారు, లేదంటే మెరుపుల గులాబీలు వస్తాయి. నటుడి పేరూ, ఆ క్షణాన నీకున్న భావమూ కలిపి కొట్టు: brahmanandam shy, sunil confused, ఇలాగ. అప్పుడు ఆమెకు తెలిసిన ముఖం వస్తుంది, నీకు కావలసిన భావంతో వస్తుంది. జిఫ్‌తో సంభాషణ మొదలుపెట్టకు, ఆమె అన్నదానికి జవాబుగా వాడు. ముద్దులవీ, కౌగిలింతలవీ ఇప్పుడు వద్దు. మాటల్లో అనడానికి ఇంకా చనువు లేని దాన్ని బొమ్మ చాటున అనడం బాగుండదు, అమ్మాయిలు అది వెంటనే పసిగడతారు.

నువ్వు ఎక్కడ తప్పావో మీ చాట్‌లోనే చూపిస్తాను. మొన్న ఆ అమ్మాయి ఏం రాసింది? 'మామిడిపండుని ముక్కలు కోసి తినేవాళ్లని నేను నమ్మను. మాది నూజివీడు.' ఎంత చక్కటి అవకాశం! తన ఊరు చెప్పింది, తన ఇష్టం చెప్పింది, నిన్ను కాస్త కవ్వించింది కూడా. నువ్వేమో కళ్లల్లో హార్టులు తిరుగుతున్న బొమ్మ ఒకటి పంపావు. ఆమె 'హహ' అంది, మర్నాటి దాకా మాట లేదు. మామిడిపండు గురించి మాట్లాడిన మనిషికి దాని గురించే జవాబు వెళ్లాలి. పైగా మనది నంద్యాల జిల్లా. బంగినపల్లికి ఆ పేరిచ్చిన బనగానపల్లె మన జిల్లాలోదే, 2017లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆమెది రసాలకు పేరుపడ్డ ఊరు. కోసుకుని తినే పండు మనది, పిసికి జుర్రుకునే పండు వాళ్లది. ఇంతకన్నా మంచి చిలిపి తగాదా ఏం కావాలి నీకు?

ఇప్పుడైనా మించిపోయింది లేదు. బజారుకెళ్లి ఒక బంగినపల్లి, ఒక చిన్న రసం కొను. ఇంట్లో వాడే స్టీలు పళ్లెంలో బంగినపల్లి ముక్కలు పెట్టు, చీకిన టెంక కూడా అందులోనే ఉండనీ. పక్కన చిన్న రసాన్ని కొయ్యకుండా పెట్టు. కిటికీ దగ్గర పగటి వెలుగులో, ఫ్లాష్ లేకుండా తియ్యి. ముందు లెన్సు తుడువు, నీ ఫొటోలన్నీ మసకగా ఉండటానికి కారణం అదే. రసం అంటిన నీ చెయ్యి ఒక మూలన పడితే ఇంకా మంచిది. ముఖం అక్కర్లేదు. జిమ్ అద్దంలో తీసుకున్న ఫొటోలు నువ్వెలా కనపడాలనుకుంటున్నావో చెబుతాయి. ఈ పళ్లెం మాత్రం నువ్వు ఎలాంటివాడివో చెబుతుంది, ఆమె మాటను గుర్తుపెట్టుకుని బజారుదాకా వెళ్లావని కూడా చెబుతుంది.

దాని కింద ఒక్క వాక్యమే రాయి. సరసం ఉండేది ఆ వాక్యంలోనే కాబట్టి జాగ్రత్తగా రాయాలి. 'ఇది బంగినపల్లి, ఇది రసం' అంటే పండ్ల కొట్టు బోర్డులా ఉంటుంది. 'మీ చేత్తో తినిపిస్తారా' అంటే ఇప్పటికి మరీ ఎక్కువ, ఆమె ఏం చెప్పాలో తెలియక ఊరుకుంటుంది. నేనైతే ఇలా రాస్తాను: 'నాకు తెలిసింది కోశాను. తెలియనిదాన్ని గురువుగారి కోసం అలాగే ఉంచాను.' ఇందులో ఆమెది పైచెయ్యి అయింది, నీ ఓటమి నువ్వే నవ్వుతూ ఒప్పుకున్నావు, తర్వాతి మాట అనడానికి ఆమెకు దారి కూడా ఉంది. మీరు ఇంకా 'మీరు' అనే పిలుచుకుంటున్నారు కాబట్టి ఆ 'గురువుగారు' అనే మాట మర్యాదకూ సరిపోతుంది, కొంటెతనానికీ సరిపోతుంది.

పంపాక మళ్లీ ఇంకోటి పంపకు. ఒకే బొమ్మ. ఆమె 'ముందు మెత్తగా పిసకాలి, తొడిమ తీసి మొదటి చుక్కలు పిండెయ్యాలి, లేకపోతే సొన పెదవికి అంటుతుంది' అంటూ పాఠం మొదలుపెట్టిందనుకో, పని జరుగుతున్నట్టే. అప్పుడు నిజంగానే ఆమె చెప్పినట్టు తిను, రూమ్మేట్‌తో వీడియో తీయించు. పంపే ముందు దాన్ని ఆరు సెకన్ల లోపుకి కత్తిరిస్తే వాట్సాప్‌లో GIF అనే మీట కనపడుతుంది. అది నొక్కితే శబ్దం పోయి, దానంతట అదే తిరుగుతూ ఉంటుంది. రసం చొక్కా మీద చిందిన చోట కత్తిరించు. నెట్‌లో దొరికే ఏ జిఫ్ కన్నా నీ చొక్కా మీద మరకే ఆమెకు ఎక్కువ గుర్తుంటుంది. అలాంటి జిఫ్ ఇంకెవరి దగ్గరా ఉండదు.

ఒకవేళ ఆమె ఒక నవ్వు బొమ్మ పెట్టి ఊరుకుంటే, పని ఒత్తిడి అయ్యుండొచ్చు, వదిలెయ్. వరసగా రెండు మూడు సార్లు అలాగే జరిగి, ఆమె వైపు నుంచి ఒక్క మాట గానీ ఒక్క ఫొటో గానీ రాకపోతే, మంచి మీమ్ కోసం ఇంకా వెతకడం కాదు నువ్వు చెయ్యాల్సింది. బొమ్మలు ఆపెయ్. ఆమెకు ఆసక్తి ఉంటే తనే పలకరిస్తుంది. ఇక ఆమె ఆఫీసు టెన్షన్ గురించో, ఇంట్లో ఎవరికో బాగోలేదనో రాసిన రోజున బొమ్మ జోలికే వెళ్లకు. ఆ రోజు మామూలు మాటలే కావాలి.

ఫొటోల గురించి ఇంకో రెండు మాటలు. పక్కనున్న అమ్మాయిని కత్తిరించేసిన ఫొటో పంపకు, భుజం మీద మిగిలిపోయిన చెయ్యి అందరికీ కనపడుతుంది. ఫొటోని డాక్యుమెంట్‌గా పంపితే తీసిన చోటు వివరాలు కూడా అందులోనే వెళ్లే అవకాశం ఉంది కాబట్టి మామూలు ఫొటోగానే పంపు. చొక్కా లేని ఫొటోలు, అంతకు మించినవి ఆమె అడగకుండా పంపడం సరసం కాదు, వేధింపు. ఇందులో చర్చేం లేదు. ఆమె పంపిన ఫొటోలు కూడా ఎవరికీ చూపించకు, నాకైనా సరే. ఈసారి స్క్రీన్‌షాట్ తీసేటప్పుడు ఆమె డీపీ, ఆమె ఫొటోలు కనపడకుండా చూసుకో. ఇంకోటి, ఆమె చూడాలని స్టేటస్‌లో ప్రేమ పాటలు పెడుతున్నావు. ఆమెతో అనాల్సింది ఆమెకే పంపు. స్టేటస్‌లో పెడితే అది తనకోసమో కాదో ఆమెకు తేలదు, మీ నాన్నకు మాత్రం అనుమానం వస్తుంది.

చిన్న రసాలు జూన్ దాటితే దొరకవు, ఈ వారమే కొను. పాఠం రెండు మూడు రోజులు సాగి, ఆమె కూడా తన పళ్లెం ఫొటో ఒకటి పంపితే, ఆ రోజు జవాబుగా ఇంకో బొమ్మ పంపకుండా 'మిగతా పాఠం ఫోన్‌లో చెబుతారా?' అని అడుగు. ఆమెది రాత్రి షిఫ్ట్ అన్నావు కదా, మధ్యాహ్నం దాటాక అడుగు.

ఉంటాను,
అత్త