శాంక్షన్ లెటర్ వచ్చింది, డబ్బు ఎప్పుడొస్తుంది?

"బెంగళూరులో రీసేల్ ఫ్లాట్ చూసుకున్నాం. హోమ్ లోన్ శాంక్షన్ అయిందని మెయిల్ వచ్చింది. ఇక డబ్బు వచ్చేసినట్టేనా? ఉద్యోగిని, లోన్ తీసుకోవడం ఇదే మొదటిసారి. ఏ కాగితాలు ముందే పెట్టుకోవాలి?"

ఇంకా రాలేదండీ. లెటర్‌లో షరతుల పేజీ చూడండి, లాయరు ఇచ్చే లీగల్ రిపోర్టు, వాల్యుయర్ ఇచ్చే టెక్నికల్ రిపోర్టు సరిగ్గా వస్తేనే అని ఎక్కడో ఉంటుంది. శాంక్షన్ దాకా బ్యాంకు ముఖ్యంగా చూసేది మీ జీతం, సిబిల్ స్కోరు. డబ్బు ఇచ్చే ముందు చూసేది ఫ్లాట్‌ని.

వైట్‌ఫీల్డ్‌లో మేము కొన్నప్పుడు అగ్రిమెంట్ 60 లక్షలకు, శాంక్షన్ 48 లక్షలకు. మిగతా 12 లక్షలు, రిజిస్ట్రేషన్ ఖర్చు విడిగా దాచుకుని నిశ్చింతగా ఉన్నాం. బ్యాంకు పంపిన వాల్యుయర్ వచ్చి, టేపుతో గదులు కొలుచుకుని, కాఫీ కూడా తాగకుండా వెళ్లి 56 లక్షలని రాశాడు. 30 నుంచి 75 లక్షల మధ్య లోన్‌కి ఆర్‌బీఐ పరిమితి ఆస్తి విలువలో 80 శాతం. అగ్రిమెంట్ ధర, వాల్యుయేషన్‌లలో ఏది తక్కువైతే మా బ్యాంకు దాన్నే తీసుకుంది. అంటే 44.8 లక్షలు. రిజిస్ట్రేషన్ వారం ఉందనగా 3.2 లక్షలు తక్కువ పడ్డాయి! నాన్నగారు ఎఫ్‌డీ తీసి పంపితే గండం గడిచింది. అందుకే వాల్యుయేషన్ అయ్యేదాకా పెద్ద అడ్వాన్స్ ఇవ్వకండి. ఇచ్చేది కూడా బ్యాంకు ట్రాన్స్‌ఫర్‌గానే ఇవ్వండి. మీ వాటా కట్టినట్టు రుజువు చూపిస్తేనే డబ్బు వదులుతారు, చేతికిచ్చిన క్యాష్‌కి లెక్క ఉండదు.

మీ కాగితాలు తేలికే. మూడు నెలల పే స్లిప్పులు, ఆరు నెలల జీతం ఖాతా స్టేట్‌మెంట్, రెండేళ్ల ఫారం 16, పాన్, ఆధార్. మనవాళ్లకు చిక్కు వచ్చేది పేరు దగ్గర. నా ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరం, పాన్‌లో పూర్తిగా. బ్యాంకు లాయరు ఇద్దరూ ఒకరేనని నోటరీ అఫిడవిట్ అడిగాడు, దానికి నాలుగు రోజులు పోయాయి. అగ్రిమెంట్ రాయించే ముందే రెండూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూసుకోండి.

అమ్మేవాళ్ల దగ్గర అడగాల్సినవి వాళ్ల సేల్ డీడ్, అంతకుముందు డీడ్‌లు, ఆస్తి పన్ను రికార్డులో యజమాని ఎవరో చూపే ఈ-ఖాతా, ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపే ఈసీ, తాజా పన్ను రసీదు, భవనంలో ఉండొచ్చని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్. ఈసీని కర్ణాటక రిజిస్ట్రేషన్ శాఖ వాళ్ల కావేరి పోర్టల్‌లో మీరే తీసుకోవచ్చు. ఈ-ఖాతా లేకపోతే రిజిస్ట్రేషనే ఆగుతుంది కాబట్టి మొదటి రోజే అడగండి.

ఇంకొకటి, వడ్డీ డబ్బు నిజంగా చేతులు మారిన రోజు నుంచే లెక్కించాలి. శాంక్షన్ తేదీ నుంచో, రాసి పెట్టుకున్న చెక్కు తేదీ నుంచో వేయకూడదని ఆర్‌బీఐ 2024 ఏప్రిల్‌లో బ్యాంకులకు గట్టిగానే చెప్పింది. మొదటి స్టేట్‌మెంట్‌లో ఆ తేదీ చూసుకోండి.